పెడల్ తొక్కినా బండి కదలట్లేదా? యాక్సిలరేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య కూర్చున్న కంప్యూటర్ కథ ఇదీ

మిర్చి సీజన్. తెల్లవారుజామున ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో టిక్కీలు ఎత్తుకున్న చిన్న గూడ్స్ బండి ఒకటి వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు యార్డుకి బయల్దేరిందనుకుందాం. నరసరావుపేట దాటాక ముందున్న ట్రాక్టర్‌ని ఓవర్‌టేక్ చేద్దామని డ్రైవర్ గట్టిగా పెడల్ తొక్కాడు. ఒక్క జర్క్ ఇచ్చింది. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలిగింది. అంతే, ఆ తర్వాత ఎంత తొక్కినా బండి 30, 40 దాటట్లేదు. ఇంజిన్ ఆగలేదు, సౌండ్‌లో తేడా లేదు, పొగ కూడా లేదు. పెడల్ మాత్రం చెప్పిన మాట వినట్లేదు.

పక్కకి ఆపి, తాళం తీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే వెళ్లింది. ఐదు కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే సీన్.

ఇది దయ్యం పని కాదు. డీజిల్‌లోనో పెట్రోల్‌లోనో నీళ్లు కలిశాయని కూడా వెంటనే అనుకోనక్కర్లేదు. బండిలో ఉన్న కంప్యూటర్ కావాలనే పవర్ తగ్గించేసింది. ఎందుకు తగ్గించింది? ఎవరి మాట నమ్మలేక తగ్గించింది? ఇది తెలిస్తే వందల్లో పోయే రిపేర్‌కి వేలు పోయకుండా బయటపడొచ్చు.

కేబుల్ పోయింది.. వైర్లు వచ్చాయి

పాత బండ్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఓ ఇనప తీగ ఉండేది. యాక్సిలరేటర్ కేబుల్ అనేవాళ్లు. మీరు పెడల్ తొక్కితే ఆ తీగ లాగుతుంది. అటు చివర ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో గుండ్రటి పలక ఒకటి తిరుగుతుంది. దాన్నే థ్రాటిల్ వాల్వ్ అంటారు. సగం తొక్కితే సగం తెరుచుకుంటుంది, పూర్తిగా తొక్కితే పూర్తిగా తెరుచుకుంటుంది. మధ్యలో అడిగేవాడు లేడు.

1980ల చివర్లో కొన్ని ఖరీదైన జర్మన్ కార్లలో ఈ తీగ తీసేసి, దాని స్థానంలో కరెంటు వైర్లు పెట్టారు. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కార్లలో, గూడ్స్ బండ్లలో ఇదే మామూలైపోయింది. చాలా బైకుల్లో మాత్రం ఇప్పటికీ కేబులే ఉంటుంది. ఈ కేబుల్ లేని పద్ధతినే డ్రైవ్ బై వైర్ అంటున్నారు.

తేడా ఏంటంటే, ఇప్పుడు మీ కాలికి, ఇంజిన్‌కి మధ్య నేరుగా ఏ లంకె లేదు. మీరు పెడల్ తొక్కితే అది ఆర్డర్ కాదు, అర్జీ. ఆ అర్జీ మీద సంతకం పెట్టాల్సింది ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అంటే ఈసీయూ.

పెడల్‌లో ఒకటి కాదు, రెండు సెన్సార్లు

మీ కాలు ఎంత దిగిందో ఈసీయూకి ఎలా తెలుస్తుంది? పెడల్ పైభాగంలో, అది ఊగే ఇరుసు దగ్గర ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో పెడల్ పొజిషన్ సెన్సార్లు ఉంటాయి. ఈ రోజుల్లో వచ్చేవి ఎక్కువగా అయస్కాంతంతో పనిచేసేవి. పెడల్‌తో పాటు అయస్కాంతం తిరుగుతుంది, దాని కోణాన్ని బట్టి సెన్సార్ ఓ వోల్టేజ్ పంపుతుంది.

సెన్సార్లు రెండుంటాయి. చాలా బండ్లలో వీటికి మొత్తం ఆరు వైర్లు ఉంటాయి. ఒక్కో సెన్సార్‌కి విడిగా 5 వోల్టుల సప్లై, విడిగా ఎర్త్, విడిగా సిగ్నల్. ఒక వైరు తెగినా రెండోదాని పని ఆగకూడదని ఈ ఏర్పాటు.

రెండూ ఒకే సంగతి చెప్తాయి, కానీ ఒకే అంకెతో చెప్పవు. ఓ ఉదాహరణ చూద్దాం. బండిని బట్టి అంకెలు మారతాయి, లెక్క మాత్రం ఇదే. కాలు పెట్టనప్పుడు మొదటి సెన్సార్ 0.8 వోల్టులు ఇస్తే రెండోది 0.4 ఇస్తుంది. సగం తొక్కితే 2.4, 1.2. పూర్తిగా తొక్కితే 4.0, 2.0. అంటే రెండోది ఎప్పుడూ మొదటిదానిలో సరిగ్గా సగం.

అంకెలు వేరుగా ఎందుకు పెట్టారంటే, లోపల ఎక్కడైనా రెండు సిగ్నల్ వైర్లు ఒకదానికొకటి తాకితే రెండూ ఒకే వోల్టేజ్ చూపిస్తాయి. రెండూ సమానంగా ఉండకూడదని ఈసీయూకి ముందే తెలుసు కాబట్టి తేడా వచ్చిందని పట్టేస్తుంది. అలాగే కాలు పెట్టనప్పుడు సున్నా, పూర్తిగా తొక్కితే 5 అని పెట్టలేదు చూశారా? దానికీ కారణం ఉంది. వైరు తెగితే సాధారణంగా సున్నా దగ్గరికి పడిపోతుంది, సప్లైకి తాకితే 5 అవుతుంది. ఆ రెండు అంకెలూ మామూలు పెడల్ ఎప్పుడూ చూపించనివి కాబట్టి, కనిపించిన వెంటనే అది కాలు పని కాదు, వైరు పని అని తేలిపోతుంది.

ఇద్దరు సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగినట్టే ఇది. ఇద్దరి మాటా కలిస్తేనే అర్జీ ముందుకి కదులుతుంది.

సగం తొక్కితే సగం తెరుచుకోదు.. మరి ఎంత?

పెడల్ సగం దిగిందని తేలాక ఈసీయూ థ్రాటిల్‌ని సగం తెరవదు. ముందు వేరే ప్రశ్న వేసుకుంటుంది. డ్రైవర్ ఎంత లాగుడు కోరుతున్నాడు? ఇంజినీర్లు దీన్ని టార్క్ అంటారు. పెడల్ ఇంత దిగితే, ఇంజిన్ ఈ ఆర్పీఎం దగ్గర ఉంటే, ఇంత టార్క్ అని కంపెనీ తయారుచేసిన పట్టిక ఈసీయూలో ఉంటుంది.

తర్వాత మిగతా లెక్కలు చూస్తుంది. ఏసీ ఆన్‌లో ఉంటే దానికి కొంచెం కలపాలి. ఇంజిన్ బాగా వేడెక్కితే తగ్గించాలి. పత్తి లోడు ఎత్తే బండ్లకి రేడియేటర్ ముందు దూది పీచు పేరుకుని గాలి ఆడకపోతే, వేడి పెరిగి పవర్ తగ్గే దారి ఇదే. 80 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్ పెట్టిన గూడ్స్ బండి అయితే, మీరు పెడల్‌ని నేలకి ఆనించినా 80 దగ్గర ఈసీయూ ఆపేస్తుంది. లోడుతో మిట్ట మీద నిల్చున్న బండిలో ఒక్కసారిగా పెడల్ తొక్కితే, గేర్లు, యాక్సిల్ దెబ్బతినకుండా అర సెకను లోపు కాలంలో మెల్లగా పెంచుతుంది. కొత్త బండిలో పికప్ కాస్త ఆలస్యంగా వస్తోందని చాలామంది అనేది ఇందుకే.

ఇవన్నీ కలిపాక ఇంత టార్క్‌కి ఇంత గాలి కావాలి, ఇంత గాలికి థ్రాటిల్ పలక ఇంత కోణం తిరగాలి అని తేలుస్తుంది. అప్పుడు థ్రాటిల్ బాడీ మీదున్న చిన్న మోటార్‌కి కరెంటు పంపుతుంది. మోటార్ చిన్న పళ్ల చక్రాల ద్వారా పలకని తిప్పుతుంది.

అక్కడితో పని అయిపోలేదు. పలక నిజంగా అంత తిరిగిందా అని చూడ్డానికి థ్రాటిల్ బాడీలో మరో రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా బండ్లలో ఇవి ఎదురెదురుగా నడుస్తాయి. ఒకటి 0.6 నుంచి పైకి పోతుంటే, రెండోది 4.4 నుంచి కిందికి దిగుతుంది. ఏ క్షణంలో కూడినా 5 రావాలి. రాకపోతే అక్కడా ఏదో తేడా ఉన్నట్టే. అడగడం, తిప్పడం, సరిచూడటం అనే ఈ చక్రం సెకనుకి వందల సార్లు నడుస్తుంది.

మీరు కాలు తీసేసినా పలక పూర్తిగా మూసుకోదని కూడా గుర్తుపెట్టుకోండి. ఐడ్లింగ్‌కి కావాల్సిన గాలి కోసం ఈసీయూ కాస్త తెరిచి ఉంచుతుంది. పాత బండ్లలో స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచినట్టు ఇక్కడ కుదరదు.

మన మిర్చి బండికి ఏమైంది?

ఇప్పుడు నరసరావుపేట దాటాక ఆగిన బండి దగ్గరికి వద్దాం. మిర్చి లోడు దించాక క్యాబిన్ అంతా ఘాటు. తుడిస్తే పోదు. చాలామంది పైపు పెట్టి క్యాబిన్ లోపలే కడిగేస్తారు. పెడల్ సెన్సార్ కనెక్టర్ ఉండేది సరిగ్గా అక్కడే, కాలి పైన. లోపలికి చేరిన తడితో ఓ పిన్నుకి పచ్చగా చిలుము పట్టిందనుకోండి. అది రెండో సెన్సార్ సిగ్నల్ పిన్ను.

చిలుము పట్టిన పిన్ను తెగిన వైరు లాంటిది కాదు. కరెంటు పోనిస్తుంది, కానీ పూర్తిగా పోనివ్వదు. వోల్టేజ్‌లో నాలుగో వంతు అక్కడే పోతోందనుకుందాం. అప్పుడు ఏం జరుగుతుంది?

కాలు పెట్టనప్పుడు మొదటి సెన్సార్ 0.8. రెండోది 0.4 ఉండాలి, 0.3 వస్తోంది. తేడా 0.1. ఈ బండిలో 0.2 వరకు తేడా ఉంటే ఈసీయూ పట్టించుకోదనుకుందాం. కాబట్టి స్టార్టింగ్‌లో, ఐడ్లింగ్‌లో ఏ లైటూ వెలగదు. ఊళ్లో మెల్లగా తిప్పినా వెలగదు.

ఓవర్‌టేక్ కోసం సగం తొక్కాడు. మొదటిది 2.4 అంటోంది. రెండోది 1.2 ఉండాలి, 0.9 వస్తోంది. తేడా 0.3. హద్దు దాటేసింది. మొదటి సాక్షి పెడల్ సగం దిగిందంటున్నాడు, రెండో సాక్షి మూడో వంతు కూడా దిగలేదంటున్నాడు. ఎవరిది నిజమో ఈసీయూకి తెలీదు. తెలీనప్పుడు అది ఎప్పుడూ తక్కువ చెప్పినవాడి మాటే తీసుకుంటుంది. ఎందుకంటే పవర్ తగ్గితే బండి నెమ్మదిస్తుంది, అనవసరంగా పెరిగితే ప్రాణం మీదకి వస్తుంది.

తేడా సెకనులో కొంత భాగం పాటు అలాగే ఉంటే కోడ్ రాసుకుంటుంది. ఈ కేసులో సాధారణంగా వచ్చే కోడ్ P2138. పెడల్‌లోని రెండు సెన్సార్ల మాట కలవట్లేదని దానర్థం. లైట్ వేసి, పవర్‌కి పరిమితి పెడుతుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు, కుంటుకుంటూ ఇల్లు చేరే మోడ్ అన్నమాట.

తాళం తీసి పెడితే బాగైనట్టు ఎందుకనిపించింది? చాలా బండ్లలో ఈసీయూ మళ్లీ మొదటినుంచి పరీక్ష మొదలుపెడుతుంది. మెల్లగా పోయినంతసేపూ తేడా హద్దులోపే ఉంది. మళ్లీ గట్టిగా తొక్కగానే దొరికిపోయింది. అందుకే ఖాళీ బండితో షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్‌కి ఏమీ కనబడదు, లోడు ఎత్తగానే మళ్లీ వస్తుంది.

వేలు పోసే ముందు ఇవి అడగండి

ఇలాంటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు రెండు. ఒకటి, బ్యాటరీ వైరు పీకి పెట్టడమో, స్కానర్‌తో కోడ్ చెరిపేయడమో చేసి పంపించేయడం. చిలుము పిన్ను మీద అలాగే ఉంటుంది, కోడ్ చెరిపితే సాక్ష్యం పోతుంది అంతే. రెండోది, పవర్ లేదు కాబట్టి థ్రాటిల్ బాడీ పోయిందని తేల్చి కొత్తది వేయించడం.

కోడ్ నంబరే మొదటి ఆధారం. P2138 అయితే పెడల్ వైపు చూడాలి. P2135 అయితే సాధారణంగా థ్రాటిల్ బాడీలోని రెండు సెన్సార్ల గొడవ. చెరిపేముందు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత మెకానిక్‌ని స్కానర్‌లో లైవ్ డేటా పెట్టమనండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళం ఆన్‌లో ఉంచి, పెడల్‌ని చాలా మెల్లగా కిందిదాకా నొక్కి, అంతే మెల్లగా వదలాలి. రెండు అంకెలూ నునుపుగా పెరిగి నునుపుగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక్కటే టక్కున దూకితే సెన్సార్ మీద అనుమానం. మొదటి నుంచి చివరిదాకా ఒకటి తక్కువ చెప్తూ, పెడల్ దిగేకొద్దీ తేడా పెరుగుతూ పోతే కనెక్టర్ మీద, వైరు మీద అనుమానం. పెడల్‌ని సగంలో ఉంచి కనెక్టర్‌ని, వైర్ల కట్టని కదిపి చూస్తే అంకె ఊగుతుందేమో కూడా తెలుస్తుంది. గోడౌన్ల దగ్గర ఆపే బండ్లకైతే ఎలుక కొరికిన వైరు ఉందేమో చూడాలి.

మన ఉదాహరణలో పిన్నుల్ని ఎలక్ట్రికల్ క్లీనర్‌తో శుభ్రం చేసి, బిగుతు చూసి, మళ్లీ పెడితే చాలు. సెన్సారే పోయిందని తేలితే చాలా బండ్లలో పెడల్ మొత్తం సెట్టుగా మార్చాలి, సెన్సార్ ఒక్కటే విడిగా రాదు.

థ్రాటిల్ బాడీలో మసి పట్టి శుభ్రం చేయాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. తాళం ఆన్‌లో ఉండగా పలకని వేలితో నెట్టొద్దు. మోటార్ ఒక్కసారిగా తిప్పితే వేలు నలుగుతుంది, పళ్ల చక్రాలూ దెబ్బతింటాయి. శుభ్రం చేశాక పలక ఎక్కడ ఆగుతుందో ఈసీయూకి మళ్లీ నేర్పించాలి. ఆ పద్ధతి ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. నేర్పకపోతే ఐడ్లింగ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

పికప్ పెంచుతుందని పెడల్ కనెక్టర్ దగ్గర బిగించే చిన్న డబ్బాలు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి. అవి ఇంజిన్ బలం పెంచవు. మీరు 30 శాతం తొక్కితే 50 తొక్కారని ఈసీయూకి చెప్తాయి, అంతే. పైగా ఇద్దరు సాక్షుల మధ్య మూడోవాణ్ని కూర్చోబెట్టినట్టవుతుంది.

మరి డీజిల్ బండి సంగతి?

డీజిల్ పికప్‌లలో పెడల్, రెండు సెన్సార్లు, P2138 అన్నీ ఇవే. అటు చివరే తేడా. డీజిల్ ఇంజిన్ పవర్‌ని గాలి మూసి తెరిచి కాదు, ఇంజెక్టర్లలో పోసే డీజిల్ కొలతతో నడిపిస్తారు. కాబట్టి ఈసీయూ మీ అర్జీ చూసి ఎంత డీజిల్ పోయాలో తేలుస్తుంది. బీఎస్-6 డీజిల్‌లోనూ ఓ థ్రాటిల్ పలక ఉండొచ్చు. కానీ దాని పని వేరు, పొగ తగ్గించే ఏర్పాట్లకి సాయం చేయడం, ఇంజిన్ ఆపేటప్పుడు కుదుపు లేకుండా చూడటం.

తొక్కకుండానే బండి పరుగెడితే?

అసలు భయం ఇదే కదా. 2009, 2010లలో అమెరికాలో టయోటా కార్లు వాటంతట అవే వేగం పెంచుకుంటున్నాయని పెద్ద గొడవ జరిగింది. అక్కడి ప్రభుత్వం నాసా ఇంజినీర్లతో పరీక్ష చేయించింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ప్రకారం ఎలక్ట్రానిక్ లోపం వల్లే థ్రాటిల్ పెద్దగా తెరుచుకున్నట్టు ఆధారం దొరకలేదు. పెడల్ కింద ఇరుక్కున్న ఫ్లోర్ మ్యాట్లు, కిందే అతుక్కుపోయే పెడళ్లు కారణమని తేలింది. అయితే కథ అక్కడ ముగియలేదు. 2013లో ఓక్లహోమా కోర్టులో ఓ ప్రమాదం కేసు విన్న జ్యూరీ టయోటాదే బాధ్యత అని తీర్పిచ్చింది. ఆ కేసులో థ్రాటిల్ సాఫ్ట్‌వేర్ మీదే వాదన నడిచింది.

మనకి పనికొచ్చే సంగతి ఏంటంటే, మ్యాట్ పెడల్‌ని నొక్కి పట్టుకుంటే రెండు సెన్సార్లూ ఒకే మాట చెప్తాయి. ఈసీయూకి అది కాలో, మ్యాటో తెలీదు. అందుకే మ్యాట్ మీద మ్యాట్ వేయొద్దు, మ్యాట్ మీద గోనెపట్టా అసలే వద్దు. చాలా కొత్త బండ్లలో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ నొక్కి ఉంటే బ్రేక్ మాటే నెగ్గేలా ఏర్పాటు ఉంది, కానీ మీ బండిలో ఉందో లేదో షోరూంలో అడిగి తెలుసుకోండి.

ఎప్పుడైనా బండి ఆగకుండా దూకితే బ్రేక్ గట్టిగా, ఒకేసారి నొక్కి పట్టండి. వదిలి వదిలి నొక్కొద్దు, అలా చేస్తే బ్రేక్‌కి సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. గేరు న్యూట్రల్‌లోకి వేయండి. ఇంజిన్ అరిస్తే అరవనివ్వండి. బండి ఆగాకే తాళం తీయండి, నడుస్తుండగా తీస్తే స్టీరింగ్ లాక్ అయ్యే ప్రమాదం ఉంది.

ఇక లింప్ మోడ్‌లో పడితే హజార్డ్ లైట్లు వేసి ఎడమ అంచుకి రండి. లోడుతో ఓవర్‌టేక్ ప్రయత్నం మాత్రం చేయొద్దు. సగం దారిలో పవర్ పోయేది సరిగ్గా అప్పుడే. యార్డుకి ఓ గంట ఆలస్యమైనా టిక్కీలు ఎక్కడికీ పోవు.